అర్థం కాకుండా చెప్పేసిన ‘యెస్’లు: ఇంటర్వ్యూ అయ్యాక మెయిల్‌లో ఏం రాయాలి?

ఇంటర్వ్యూకి ముందు ఏం చదవాలి, ఎలా కూర్చోవాలి, ఎలా నవ్వాలి, వీటి మీద వీడియోలు బోలెడున్నాయి. ఇవాళ మనం కాల్ కట్ అయ్యాక జరిగేదాని గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఒక రకం ఇంటర్వ్యూ గురించి. అంటే సగం మనకి సుఖంగా ఉన్న భాషలో జరిగి, మిగతా సగం మనకి అంతగా పట్టులేని భాషలో జరిగిన ఇంటర్వ్యూ. మనలో చాలామందికి ఆ రెండో భాష ఇంగ్లీష్. కొందరికి హిందీ. నాకు హిందీతో దెబ్బ పడింది, అది కూడా చెప్తాను.

ముందు మా తమ్ముడి కథ. బాబాయి వాళ్లబ్బాయి. టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీటెక్, ఇప్పుడు మూడేళ్లుగా హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్. పనిలో గట్టివాడు. వాడిని అడిగే చెప్తున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్ ఇంటర్వ్యూ. మొదటి అరగంట హైదరాబాద్ టీమ్ లీడ్ తీసుకున్నాడు. ఆయన మనవాడే, ఇంగ్లీష్‌లో మొదలుపెట్టి రెండు నిమిషాల్లో తెలుగులోకి వచ్చేశాడు. వీడు దూసుకుపోయాడు. తర్వాత లండన్ నుంచి మేనేజర్ జాయిన్ అయ్యాడు. అక్కడినుంచి ఇంకో పాతిక నిమిషాలు మొత్తం ఇంగ్లీష్.

రాత్రి నాకు ఫోన్. “అన్నయ్యా, పోయింది.”

“ఏం పోయిందిరా?”

“ఇంటర్వ్యూ. ఆయన యాస సగం పట్టుకోలేకపోయా. ఏం అడిగినా యెస్ యెస్ అని నడిపించేశా.”

“ఎన్నిసార్లు యెస్ అన్నావో, దేనికి అన్నావో చెప్పగలవా?”

వాడు నవ్వాడు. నేను మాత్రం సీరియస్‌గానే అడిగాను.

ఎందుకంటే భాష సరిగ్గా రానప్పుడు మనకి జరిగే నష్టం గ్రామర్ తప్పుల వల్ల కాదు. “హీ డోంట్ నో” అన్నా అవతలివాళ్లకి అర్థమవుతుంది, పక్కన పెట్టేస్తారు. అసలు నష్టం ఈ యెస్‌ల వల్ల. మళ్లీ అడిగితే ఏమనుకుంటారో అని తలూపేస్తాం. అవతలివాళ్లు దాన్ని మన జవాబుగా రాసుకుంటారు. ఇంటర్వ్యూ తర్వాత పంపే మెయిల్‌తో నిజంగా బాగుచేయగలిగింది అదే.

అందుకని ముందు వాడితో ఒక పని చేయించాను. ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయమన్నాను. ఎడమవైపు ఆయన అడిగింది, కుడివైపు నువ్వు చెప్పింది. తెలుగులోనే రాయమన్నాను. ఇంగ్లీష్‌లో రాయమంటే చెప్పింది కాకుండా చెప్పాల్సింది రాస్తాం, వాక్యాన్ని దిద్దుకుంటూ పోతాం. తెలుగులో అయితే జరిగింది జరిగినట్టు వస్తుంది. ఇది కాల్ అయిన అరగంటలోపు చేస్తే ఇంకా మంచిది, ఒక రాత్రి నిద్రపోతే చాలా పోతుంది. ఒక మాట, ఇంటర్వ్యూని దొంగచాటుగా రికార్డ్ చేసుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. దొరికితే అక్కడితో కథ అయిపోతుంది.

వాడి కాగితంలో చివరికి నాలుగు విషయాలు తేలాయి.

మొదటి యెస్: తెలిసిన జవాబు తప్పు జవాబుగా మారింది

మేనేజర్ అడిగింది, నువ్వు పనిలో సాల్వ్ చేసిన ఒక పర్ఫార్మెన్స్ ప్రాబ్లమ్ చెప్పు అని. వీడి దగ్గర మంచి ఉదాహరణ ఉంది. ఆర్డర్స్ టేబుల్ మీద ఇలా ఒక ఇండెక్స్ ఉంది, దాని మీద ఇలా ఒక క్వెరీ నడుస్తోంది:

```sql
CREATE INDEX idx_orders ON orders (status, created_at);

SELECT * FROM orders
WHERE created_at >= '2024-03-01';
```

ఇండెక్స్‌లో `created_at` ఉంది కదా, మరి క్వెరీ ఎందుకు నెమ్మదిగా నడుస్తోంది? ఎందుకంటే ఆ ఇండెక్స్ ముందు `status` ప్రకారం, ఒక్కో స్టేటస్ లోపల తేదీ ప్రకారం పేర్చి ఉంటుంది. కాలేజీ నోటీసు బోర్డు మీద లిస్టు ముందు బ్రాంచ్‌ల వారీగా, ఒక్కో బ్రాంచ్‌లో మార్కుల వారీగా పెట్టారనుకోండి. సీఎస్ఈలో ఎనభై దాటినవాళ్లు ఎవరంటే టక్కున దొరుకుతారు. బ్రాంచ్ చెప్పకుండా మొత్తం కాలేజీలో ఎనభై దాటినవాళ్లు ఎవరంటే లిస్టంతా చూడాల్సిందే. ఇదీ అంతే. క్వెరీలో `status` లేదు కాబట్టి డేటాబేస్ మామూలుగా ఆ ఇండెక్స్‌ని వదిలేసి టేబుల్ మొత్తం చదువుతుంది. కొన్ని కొత్త వెర్షన్లలో దీనికి మినహాయింపులు ఉన్నాయి, కానీ వీడి కేసులో జరిగింది ఇదే. `EXPLAIN` పెట్టి చూస్తే `type` దగ్గర `ALL` అని వచ్చింది. వీడు `created_at` మీద విడిగా ఇండెక్స్ వేశాడు, సమస్య తీరింది.

ఇది మొత్తం వాడికి తెలుసు. వాడే చేశాడు. కానీ ఇంగ్లీష్‌లో వాడి నోటి నుంచి వచ్చింది “ఇండెక్స్ ఈజ్ దేర్, బట్ ఇట్ ఈజ్ నాట్ కమింగ్.” మనకి అర్థమవుతుంది. ‘ఇండెక్స్ ఉంది కానీ రావట్లేదు’ అని తెలుగులో అనుకుని ఇంగ్లీష్‌లో చెప్పాడు. లండన్ ఆయనకి అర్థం కాలేదు. “సో, ది ఇండెక్స్ వాజ్ మిస్సింగ్?” అని అడిగాడు. వీడు “యెస్, యెస్” అన్నాడు.

చూశారా? ఇండెక్స్ లేదు, వేశాడు, అయిపోయింది. ఇది మొదటి ఏడాది వాళ్లు కూడా చెప్పే జవాబు. మూడేళ్ల అనుభవంతో వచ్చిన జవాబు ఒక్క యెస్‌తో అలా చిన్నదైపోయింది.

రెండో యెస్: జాయినింగ్ డేట్

“యూ కుడ్ స్టార్ట్ ఇన్ థర్టీ డేస్, రైట్?” అని అడిగాడంట. వీడికి “స్టార్ట్”, “రైట్” అనే రెండు మాటలు మాత్రమే వినిపించాయి. యెస్. ముప్ఫై అన్నట్టు తర్వాత ఆలోచిస్తే తట్టింది. వాడి నోటీస్ పీరియడ్ అరవై రోజులు.

ఇక్కడే నా హిందీ కథ. మొదటి జాబ్ మారేటప్పుడు టెక్నికల్ రౌండ్ అంతా ఇంగ్లీష్‌లో బాగానే అయింది. తర్వాత హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసి హిందీలో మాట్లాడారు. ఎన్ని రోజుల్లో చేరతారు అనేది టాపిక్. ఆవిడ “పచ్చీస్ దిన్” అన్నారు. నేను “పచాస్” అని విన్నాను. పాతిక రోజులకీ యాభై రోజులకీ తేడా. నా నోటీస్ నలభై ఐదు రోజులు కాబట్టి హాయిగా “హా జీ” అన్నాను. ఆఫర్ లెటర్‌లో డేట్ చూసి గుండె ఆగింది. టైమ్ అడిగితే, మీరే కదా ఒప్పుకున్నారు అన్నారు. వారం తర్వాత ఆ పొజిషన్ వేరేవాళ్లతో నింపేశారు. వాళ్లని తప్పుపట్టలేను. ఆ ఫోన్ పెట్టేశాక నేను మూడు లైన్ల మెయిల్ పంపి ఉంటే అక్కడే తేలిపోయేది.

మూడో యెస్: ఇది కొంచెం ఇబ్బందైనది

మేనేజర్ అడిగాడు, “యూ హ్యావెంట్ యూజ్డ్ కాఫ్కా ఇన్ ప్రొడక్షన్?” వీడు “యెస్” అన్నాడు. ఆయన “గ్రేట్” అని ముందుకు వెళ్లిపోయాడు.

ఇది తెలుగువాళ్లందరూ పడే గొయ్యి. మన భాషలో “నువ్వు కాఫ్కా వాడలేదు కదా?” అంటే “అవును, వాడలేదు” అంటాం. అవును అంటే ‘మీరన్నది నిజం’ అని. ఇంగ్లీష్‌లో అదే ప్రశ్నకి వాడలేదు అని చెప్పాలంటే “నో, ఐ హ్యావెంట్” అనాలి. ఉత్త “యెస్” అంటే, వాడాను అని చాలామంది అర్థం చేసుకుంటారు. వీడు వాడలేదని చెప్పాననుకున్నాడు. ఆయన “గ్రేట్” అన్నాడంటే వాడాడనే అనుకుని ఉండాలి. ఇద్దరూ సంతోషంగా విడిపోయారు.

దీన్ని సరిచేద్దాం అంటే తమ్ముడు గింజుకున్నాడు. “ఇది మనకి లాభమే కదా అన్నయ్యా? ఆయనంతట ఆయన అనుకుంటే నాదేం తప్పు?”

“నెక్స్ట్ రౌండ్‌లో కాఫ్కా మీద పది నిమిషాలు అడిగితే?”

“చదువుకుని వెళ్తా.”

“చదువుకున్నది చెప్తావు. ప్రొడక్షన్‌లో కన్స్యూమర్ వెనకబడితే ఏం చేశావు అని అడిగితే? అప్పుడు భాష రాలేదు అనుకోరురా, అబద్ధం చెప్పాడు అనుకుంటారు. నీ ఇండెక్స్ కథ కూడా నమ్మరు.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత “సరే, రాద్దాం” అన్నాడు. నిజం చెప్పాలంటే వాడి వయసులో నేను రాసేవాడిని కాదేమో. కానీ నాకు లాభం వచ్చే అపార్థాన్ని వదిలేసి, నష్టం వచ్చేవాటినే సరిచేస్తే ఆ మెయిల్‌కి విలువ ఉండదు. పైగా నాకు తిరిగి లాభం కూడా కనిపించింది. తనకి వ్యతిరేకంగా ఉన్న విషయాన్ని తనే చెప్పినవాడు, మిగతావి కూడా నిజమే చెప్తున్నాడని చదివేవాళ్లకి అనిపిస్తుంది.

మెయిల్‌లో పెట్టకూడని ప్రశ్న

నాలుగోది డేటాబేస్ ఐసొలేషన్ లెవెల్స్ మీద ప్రశ్న. దానికి వీడు ఏదో గొణిగాడు. “ఇది కూడా గూగుల్ చేసి రాసేస్తా” అన్నాడు. నేను అడిగాను, ఇదే ప్రశ్న ఆ హైదరాబాద్ లీడ్ తెలుగులో అడిగి ఉంటే చెప్పేవాడివా అని. “లేదు” అన్నాడు.

అదే పరీక్ష. తెలుగులో అడిగితే చెప్పగలిగేదాన్నే మెయిల్‌లో రాయాలి. అక్కడ పోయింది భాష మాత్రమే కాబట్టి, రాతలో తిరిగి ఇవ్వొచ్చు. తెలుగులో కూడా చెప్పలేనిది రాస్తే, ఇంటికెళ్లి వెతికాడు అని తప్ప వేరే ఏం తెలియదు వాళ్లకి. ఐసొలేషన్ లెవెల్స్ కథ పోయిందంతే, వదిలేయాలి. తర్వాత నేర్చుకోవాలి, అది వేరే పని.

ఎవరికి పంపాలి, ఎప్పుడు పంపాలి

మేనేజర్ మెయిల్ ఐడీ క్యాలెండర్ ఇన్వైట్‌లో కనిపిస్తోంది, డైరెక్ట్‌గా పంపేయనా అన్నాడు. నేనైతే వద్దంటాను. ఆయన తనంతట తాను మెయిల్ ఐడీ ఇచ్చి రాయమంటే తప్ప, ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన రిక్రూటర్‌కే పంపాలి. కొన్ని కంపెనీల్లో క్యాండిడేట్లు ప్యానెల్‌కి నేరుగా రాయడం ఇష్టపడరు. పైగా మీ ఫైల్ రిక్రూటర్ దగ్గర ఉంటుంది, జాయినింగ్ డేట్ లాంటివి నోట్ చేసేది వాళ్లే. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, ఇంటర్వ్యూ టైమ్ కన్ఫర్మ్ చేసిన అదే మెయిల్‌కి రిప్లై ఇస్తే వాళ్లకి వెతుక్కునే పని ఉండదు.

టైమ్ చాలా ముఖ్యం. ఇంటర్వ్యూ తీసుకున్నవాళ్లు ఫీడ్‌బ్యాక్ ఫామ్ నింపుతారు, చాలాసార్లు అదే రోజో మర్నాడో. అది సబ్మిట్ అయిపోయి, నిర్ణయం కూడా జరిగిపోయాక మీ మెయిల్ ఎంత బాగున్నా పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే ఇరవై నాలుగు గంటల్లోపు. తమ్ముడు బుధవారం పొద్దున పదింటికి పంపాడు. రిక్రూటర్ హైదరాబాద్‌లోనే ఉన్నారు. లండన్‌లో ఉదయం తొమ్మిది అంటే మనకి మధ్యాహ్నం రెండున్నర, వాళ్లు వేసవిలో గడియారం ముందుకు జరిపినప్పుడు ఒకటిన్నర. అంటే ఆయన లాప్‌టాప్ తెరిచేలోపు రిక్రూటర్ ఫార్వర్డ్ చేయడానికి మూడు నాలుగు గంటలు దొరికాయన్నమాట.

వాడు రాసిన మొదటి మెయిల్, పంపిన మెయిల్

మొదట రాసింది చూసి నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. మొదటి నాలుగు లైన్లూ సారీనే. నా ఇంగ్లీష్ బాలేదు సారీ, నేను తెలుగు మీడియం, నాకు కంగారు వచ్చింది, దయచేసి ఇంకో అవకాశం ఇవ్వండి. ఇదంతా తీసేయమన్నాను. ఆయన ఫామ్‌లో వీడి ఇంగ్లీష్ గురించి ఏమీ రాయకపోయి ఉండొచ్చు. మనమే వెళ్లి ఇదిగో నా బలహీనత అని నాలుగు లైన్లు రాసిస్తే, చదివాక గుర్తుండేది అదే. పైగా జాలి మీద ఎవరూ బ్యాకెండ్ డెవలపర్‌ని తీసుకోరు.

తర్వాత ఎక్కడినుంచో తెచ్చిన బరువైన ఇంగ్లీష్. చాలా పెద్ద పెద్ద మాటలు. కాల్‌లో చిన్న చిన్న వాక్యాలు మాట్లాడినవాడు మర్నాడు లాయర్ నోటీసులాంటి మెయిల్ పంపితే, ఇది ఎవరు రాసిచ్చారు అనే అనుమానం వస్తుంది. మీరు నోటితో చెప్పగలిగే వాక్యాలే రాయండి, కాకపోతే తప్పుల్లేకుండా. రేపు ఆ మెయిల్ గురించి అడిగితే అదే మాటల్లో చెప్పగలగాలి.

చివరికి పంపింది చదువుతాను, వినండి. మొదట రెండు థాంక్స్ వాక్యాలు, అవి వదిలేద్దాం. తర్వాత “ఐ వాంట్ టు కరెక్ట్ త్రీ ఆఫ్ మై ఆన్సర్స్. ప్లీజ్ షేర్ దిస్ విత్ ది ప్యానెల్.” ఇంతే, ఉపోద్ఘాతం లేదు.

ఒకటి. “ఐ సెడ్ ది ఇండెక్స్ వాజ్ మిస్సింగ్. దట్ వాజ్ నాట్ కరెక్ట్. ది ఇండెక్స్ వాజ్ దేర్, బట్ ది క్వెరీ కుడ్ నాట్ యూజ్ ఇట్, బికాజ్ స్టేటస్ ఈజ్ ది ఫస్ట్ కాలమ్ అండ్ ది క్వెరీ డజ్ నాట్ ఫిల్టర్ బై స్టేటస్.” దాని కింద ఇందాక చూపించిన ఇండెక్స్, క్వెరీ, ఇంకా వాడు తర్వాత వేసిన ఈ లైను:

```sql
CREATE INDEX idx_created ON orders (created_at);
```

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఈ కోడ్‌కి యాస లేదు. పాతిక నిమిషాల్లో నోటితో చెప్పలేనిది ఆ కొన్ని లైన్లు చెప్పేశాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాం. వాడి ఆఫీసులోని అసలు టేబుల్, కాలమ్ పేర్లు పెట్టకుండా, ఎవరికైనా అర్థమయ్యే మామూలు పేర్లు పెట్టాం. పాత కంపెనీ కోడ్‌ని కొత్త కంపెనీకి మెయిల్ చేస్తే మీ మీద నమ్మకం పోతుంది.

రెండు. “మై నోటీస్ పీరియడ్ ఈజ్ సిక్స్టీ డేస్. ఐ సెడ్ యెస్ టు థర్టీ డేస్ బై మిస్టేక్. ఐ కెన్ ఆస్క్ మై మేనేజర్ ఫర్ ఆన్ అర్లీ రిలీజ్, బట్ ఐ కెనాట్ ప్రామిస్ ఇట్ టుడే.” చివరి ముక్క వాడు తీసేద్దామన్నాడు. నేను ఉంచమన్నాను. మళ్లీ ఇంకో యెస్ ఇచ్చి ఇరుక్కోవడం ఎందుకు?

మూడు. “ఐ హ్యావ్ నాట్ యూజ్డ్ కాఫ్కా ఇన్ ప్రొడక్షన్. ఐ హ్యావ్ యూజ్డ్ రాబిట్ఎంక్యూ ఫర్ టూ ఇయర్స్.” గమనించండి, యెస్ లేదు, నో లేదు, మొత్తం వాక్యం. నెగటివ్ ప్రశ్న వచ్చినప్పుడల్లా నోటితో కూడా ఇలాగే చెప్పాలి. అప్పుడు ఏ భాష రూల్ ప్రకారం విన్నా ఒకటే అర్థం వస్తుంది.

ఇంకో చిన్న మార్పు, కానీ పెద్ద విషయం. వాడి మొదటి డ్రాఫ్ట్‌లో “ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ ది జాయినింగ్ డేట్” అని ఉంది. మన దగ్గర క్లాసులో చెయ్యెత్తి డౌట్ సార్ అంటే ప్రశ్న ఉంది అని. ఇండియా బయట డౌట్ అంటే అనుమానం, నమ్మకం లేకపోవడం. లండన్ ఆయన ఆ వాక్యం చదివితే, వీడికి చేరడం మీదే సందేహం ఉంది అనుకునే ప్రమాదం ఉంది. “ఐ హ్యావ్ ఎ క్వశ్చన్” అని మార్చాం. అలాగే “ప్లీజ్ రివర్ట్” అనేది మన ఆఫీసుల్లో రిప్లై ఇవ్వండి అని. బయట రివర్ట్ అంటే పాత స్థితికి వెళ్లడం, `git revert` లో లాగా. “ప్లీజ్ రిప్లై” చాలు.

మెయిల్ మొత్తం ఫోన్‌లో ఒకసారి స్క్రోల్ చేస్తే అయిపోయేంత. దానికంటే పెద్దదైతే మూడు కాదు, ఒకటే సరిచేయండి. ఏ ఒకటి అంటారా? జాయినింగ్ డేట్, జీతం, షిఫ్ట్, లొకేషన్, ఇలాంటి ఒప్పందం విషయంలో తప్పుంటే అదే ముందు. టెక్నికల్ జవాబు తర్వాత.

తర్వాత ఏమైంది

బుధవారం సాయంత్రం రిక్రూటర్ ఫోన్ చేశారు. ఇక్కడ వాడు నేను చెప్పకుండానే ఒక మంచి పని చేశాడు. ఆవిడ గబగబా ఏదో చెప్తుంటే అన్నీ విని, “నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో, ఒకసారి తిరిగి చెప్తాను” అని తన మాటల్లో చెప్పాడు. శుక్రవారం, మూడింటికి, ఇరవై నిమిషాలు, మేనేజర్‌తోనే. ఆవిడ “కాదు, మూడున్నర” అని సరిచేశారు. చూశారా, అక్కడ కూడా ఒకటి దొర్లింది. తర్వాత ఆవిడే మెయిల్‌లో పెట్టారు. పెట్టకపోతే మీరే పెట్టండి, ఫోన్‌లో మాట్లాడుకున్నది ఇదీ, తప్పైతే చెప్పండి అని రెండు లైన్లు.

శుక్రవారం కాల్‌లో మేనేజర్ ఆ ఇండెక్స్ దగ్గరే మొదలుపెట్టాడు. మరి `status`, `created_at` రెండూ క్వెరీలో ఉంటే ఏ ఇండెక్స్ వాడుతుంది అని అడిగాడు. ముందు మెయిల్‌లో కోడ్ ఉంది కాబట్టి వీడు దాన్నే చూపిస్తూ మాట్లాడాడు. ఒక చోట ప్రశ్న అర్థం కాలేదు. యెస్ అనలేదు. “డు యూ మీన్ బోత్ కాలమ్స్ టుగెదర్?” అని అడిగాడు. ఆయన అవునన్నాడు, అంతే, ఎవరూ ఏమీ అనుకోలేదు.

మెయిల్‌తో కాని పనులు కూడా ఉన్నాయి, అది దాచను. ఉద్యోగమే రోజూ విదేశీ క్లయింట్‌తో ఫోన్‌లో మాట్లాడేది అయితే, అక్కడ వాళ్లు చూసేదే మీరు ఫోన్‌లో ఎలా మాట్లాడతారని. ఎంత మంచి మెయిల్ రాసినా ఆ మార్కులు మారవు. అలాంటప్పుడు జవాబులు రాసి పంపడం కంటే, ఇంకో పదిహేను నిమిషాల కాల్ ఇవ్వగలరా అని ఒక్కసారి అడగడం నయం. ఇవ్వకపోవచ్చు. అలాగే రిక్రూటర్ మీ మెయిల్‌ని ప్యానెల్‌కి పంపకుండా వదిలేయొచ్చు, దానికి మన దగ్గర మందు లేదు. కానీ అప్పుడు కూడా నోటీస్ పీరియడ్ సంగతి రాతలో ఉంటుంది. మీరే కదా ఒప్పుకున్నారు అనే మాట రాదు.

ఇక సైలెన్స్ గురించి. వాళ్లు “ఎండ్ ఆఫ్ నెక్స్ట్ వీక్” లోపు చెప్తామన్నారు. మంగళవారం విన్న నెక్స్ట్ వీక్ అంటే ఏ వారం అని మనవాళ్లలోనే గొడవ అవుతుంది. అందుకే వాడి మెయిల్ చివర్లో తేదీ వేసి, ఈ శుక్రవారం లోపు అని అర్థం చేసుకున్నాను, కరెక్టేనా అని అడిగించాను. ఆ తేదీ దాటాక ఒక పనిరోజు ఆగి, అదే మెయిల్ థ్రెడ్‌లో రెండు లైన్ల రిమైండర్. వాళ్లు తేదీ చెప్పకపోతే ఒక వారం తర్వాత. దానికీ జవాబు రాకపోతే ఇంకో వారానికి ఇంకొకటి, అంతే. మూడోది పంపినా వచ్చేదేం లేదు, ఆ టైమ్‌లో వేరే చోట అప్లై చేసుకోండి.

తమ్ముడికి రెండో వారం గురువారం ఆఫర్ వచ్చింది. అరవై రోజులు ఆగలేం, నలభై ఐదుకి రాగలవా అన్నారు. ఈసారి వాడు “ఐ విల్ ఆస్క్ అండ్ రిప్లై బై మండే” అన్నాడు. వాళ్ల మేనేజర్‌తో మాట్లాడి, నలభై ఐదుకి రిలీవింగ్ మెయిల్ చేతిలోకి వచ్చాకే ఒప్పుకున్నాడు. కాఫ్కా మాత్రం వెళ్లాక నేర్చుకో అన్నారంట, ఇప్పుడు అదే తిట్టుకుంటూ చదువుతున్నాడు.

మీకు ఇంగ్లీష్‌లోనో, హిందీలోనో, బెంగళూరులో కన్నడలోనో ఇలా అర్థం కాకుండా యెస్ చెప్పి ఇరుక్కున్న సందర్భం ఉంటే కామెంట్‌లో పెట్టండి. కంపెనీ పేరు వద్దు, అడిగిన ప్రశ్న, మీరు చెప్పిన మాట చాలు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో వాటిలో రెండు మూడు తీసుకుని మెయిల్ ఎలా రాయాలో ఇలాగే లైన్ లైన్‌గా చూద్దాం. ఉంటాను.